బల్బు మీటర్‌లో 64 ఓమ్‌లు, లెక్కలో 882 ఓమ్‌లు: డ్రిఫ్ట్ వేగం దగ్గర నుంచి చూస్తే

ప్రశ్న: సార్, ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఇంట్లో పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటే మల్టీమీటర్ పెట్టి చూశాను, 64 ఓమ్‌లు చూపించింది. V²/P తో చేస్తే 882 వస్తోంది. మీటర్ పాడైందా? ఇంకో డౌట్ కూడా ఉంది. తీగ మందం పెరిగితే డ్రిఫ్ట్ వేగం తగ్గుతుందని గైడ్‌లో ఒకచోట ఉంది, మారదని ఇంకోచోట ఉంది. సాగదీస్తే నిరోధం 4 రెట్లు అని బట్టీ పట్టాను గానీ, లోపల ఎలక్ట్రాన్లకు ఏమవుతుందో అర్థం కాలేదు.

సమాధానం:

మీటర్ బాగానే ఉంది. రెండు అంకెలూ నిజమే. 64 అనేది గది వేడిమిలో ఉన్న ఫిలమెంట్ నిరోధం, 882 అనేది సుమారు 2,600 కెల్విన్ దగ్గర వెలుగుతున్న అదే ఫిలమెంట్ నిరోధం. గైడ్‌లోని రెండు వాక్యాలు కూడా ఒక్కోటి ఒక్కో పరిస్థితిలో సరైనవే. అయితే ఆ పరిస్థితి ఏమిటో రాయకుండా వదిలేయడం తప్పు. బల్బు సంగతికి వచ్చే ముందు డ్రిఫ్ట్ వేగం, అంటే ప్రవాహం ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు తీగ వెంబడి జరిగే సగటు వేగం, దగ్గర గట్టిగా నిలబడాలి. అది తేలితే మిగతావన్నీ దాని నుంచే వస్తాయి.

ఇంటి వైరింగ్‌లో మామూలుగా వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తీసుకుందాం. అందులో 5 ఆంపియర్లు పోతున్నాయి అనుకోండి. రాగిలో ఘనపు మీటరుకు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఈ సంఖ్య n, తీగ అడ్డకోత వైశాల్యం A, ఎలక్ట్రాన్ ఆవేశం e, డ్రిఫ్ట్ వేగం v అనుకుని I = nAev లో వేస్తే

v = 5 / (8.5×10²⁸ × 1.5×10⁻⁶ × 1.6×10⁻¹⁹) ≈ 2.45×10⁻⁴ మీ/సె

అంటే సెకనుకు పావు మిల్లీమీటరు. ఇదే వేగంతో ఒకే దిక్కుకు పోతే 10 మీటర్ల తీగ దాటడానికి ఒక ఎలక్ట్రాన్‌కు 11 గంటలకు పైగా పడుతుంది. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుంది? తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి కాబట్టి. స్విచ్ వేయగానే తీగ వెంబడి పరుగెత్తేది విద్యుత్ క్షేత్రం, దాని వేగం కాంతి వేగంలో చెప్పుకోదగ్గ భాగం ఉంటుంది. అది చేరిన చోటల్లా అక్కడ ఉన్న ఎలక్ట్రాన్లే కదలడం మొదలుపెడతాయి. ఇంట్లో వచ్చేది ఏసీ కాబట్టి అవి నిజానికి ఎక్కడికీ పోవు కూడా. 50 హెర్ట్జ్ దగ్గర పై లెక్కే పొడిగిస్తే, డ్రిఫ్ట్ వల్ల ఒక ఎలక్ట్రాన్ ఉన్నచోటి నుంచి అటూ ఇటూ ఒక మైక్రోమీటరు మాత్రమే ఊగుతుందని తేలుతుంది. మీ బల్బును వెలిగించే ఎలక్ట్రాన్లు సబ్‌స్టేషన్ నుంచి వచ్చినవి కావు, ఆ ఫిలమెంట్‌లో ఉన్నవే.

ఇప్పుడు అదే వేగాన్ని ఇంకో దారిలో చూడాలి. క్షేత్రం E ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. అది ఎంతోసేపు లాగకముందే ఏదో ఒకటి దాని దిక్కు మార్చేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇలా రెండు అడ్డంకుల మధ్య దొరికే సగటు సమయాన్ని τ అంటాం. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి m అయితే, అప్పుడు v = eEτ/m. రాగికి ఈ τ సుమారు 2.5×10⁻¹⁴ సెకన్లు. పై తీగలో 5 ఆంపియర్లకు మీటరుకు 0.057 వోల్టులు పడతాయి. ఆ E ని ఇందులో వేసి చూడండి, మళ్లీ సెకనుకు పావు మిల్లీమీటరే వస్తుంది.

ఇక్కడ రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి v = I/(nAe), రెండోది v = eEτ/m. మొదటిదాంట్లో A ఉంది, రెండోదాంట్లో లేదు. గైడ్ తగాదా అంతా ఇక్కడే. ప్రవాహం I ని కదలకుండా పట్టి ఉంచి తీగ మందం పెంచితే, అదే ప్రవాహాన్ని మోయడానికి ఎక్కువ ఎలక్ట్రాన్లు దొరికాయి కాబట్టి ఒక్కోటి నెమ్మదిగా కదిలినా చాలు. అంటే v తగ్గుతుంది. అలా కాకుండా తీగ రెండు చివరల మధ్య వోల్టేజీని, పొడవును స్థిరంగా ఉంచి మందం పెంచితే E మారదు, τ మారదు, కాబట్టి v కూడా మారదు. ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగినందువల్ల ప్రవాహం మాత్రం పెరుగుతుంది. పరీక్షలో డ్రిఫ్ట్ వేగం అనే మాట కనిపించగానే సూత్రం రాయకండి. స్థిరంగా ఉన్నది I నా, V నా అని ముందు చూడండి. ‘ఒకే బ్యాటరీకి కలిపారు’ అంటే V. ‘శ్రేణిలో కలిపారు’ అంటే I. వేర్వేరు మందాలున్న రెండు తీగలను శ్రేణిలో కలిపిన ప్రశ్నలో చాలామంది V స్థిరం అనుకుని మార్కులు పోగొట్టుకుంటారు.

రెండు సూత్రాలనూ కలిపితే R = (m/ne²τ)(L/A) వస్తుంది. బ్రాకెట్‌లో మొదటిది పదార్థం సంగతి, అదే నిరోధకత ρ. రెండోది తీగ ఆకారం సంగతి. సాగదీసినప్పుడు రెండోది మారుతుంది. వేడి చేసినప్పుడు, లోహాల్లో, మొదటిదాంట్లోని τ మారుతుంది. మిగతా చర్చంతా ఈ రెండు వాక్యాలకు వివరణే.

సాగదీయడం చూద్దాం. పొడవు రెట్టింపు చేశారు, ఘనపరిమాణం మారదు కాబట్టి మందపు వైశాల్యం సగమైంది. L/A నాలుగు రెట్లు, R నాలుగు రెట్లు. ఇది మీరు బట్టీ పట్టిందే. లోపల ఏం జరిగిందో ఇప్పుడు చూడండి. అదే బ్యాటరీకి కలిపారు అనుకుందాం. పొడవు రెట్టింపు కాబట్టి మీటరుకు పడే వోల్టులు సగం, అంటే E సగం, అంటే డ్రిఫ్ట్ వేగం సగం. మరోవైపు తీగ అడ్డకోతలో ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య కూడా సగం. సగం మంది, సగం వేగంతో. కాబట్టి ప్రవాహం పావు వంతు. నాలుగు రెట్లలో ఒక రెండు వేగం నుంచి వచ్చింది, ఇంకో రెండు మందం నుంచి వచ్చింది. అదే తీగను సాగదీయకుండా, అలాంటిదే ఇంకో ముక్క అతికి పొడవు రెట్టింపు చేస్తే మందం తగ్గదు కాబట్టి మొదటి రెండే మిగులుతుంది, R రెట్టింపే అవుతుంది. ‘పొడవు రెట్టింపు’ అన్న మాట ఒక్కటే చూసి జవాబు రాయకూడదనేది ఇందుకే.

ఒక చిన్న విషయం పాఠ్యపుస్తకంలో ఉండదు. రాగిని నిజంగా చల్లగా సాగదీస్తే స్ఫటికంలో లోపాలు పెరుగుతాయి, τ కాస్త తగ్గుతుంది. పూర్తిగా మెత్తబరిచిన రాగితో పోలిస్తే గట్టిగా సాగదీసిన రాగి వాహకత సుమారు 97 శాతమే ఉంటుంది. అందుకే ల్యాబ్‌లో కొలిస్తే 4కు బదులు 4.1 లాంటిది రావచ్చు. అది మీ కొలతలో తప్పు కాకపోవచ్చు. పరీక్షలో మాత్రం 4 అనే రాయండి.

ఇక వేడి. ఎలక్ట్రాన్లు అయాన్లను గుద్దుకుంటాయి, వేడెక్కితే అవి ఎక్కువ ఊగుతాయి, గుద్దుకోవడాలు ఎక్కువవుతాయి అని మీ పుస్తకంలో ఉంటుంది. 1900లో డ్రూడ్ ఇచ్చిన చిత్రానికి దగ్గరిది ఇది. ఫలితం వరకు సరిపోతుంది గానీ, ఒక లెక్క చూస్తే అందులో లోపం కనిపిస్తుంది. రాగిలో ప్రవాహంలో పాల్గొనే ఎలక్ట్రాన్ల అసలు వేగం సెకనుకు సుమారు 1.57×10⁶ మీటర్లు. దీన్ని డ్రిఫ్ట్ వేగంతో కలపకండి, ఇది అన్ని దిక్కులకూ ఉండేది, సగటు సున్నా. దాన్ని τ తో గుణిస్తే రెండు అడ్డంకుల మధ్య దూరం దాదాపు 39 నానోమీటర్లు వస్తుంది. రాగిలో పక్కపక్క అణువుల మధ్య దూరం 0.256 నానోమీటర్లు. అంటే ఎలక్ట్రాన్ సుమారు 150 అణువులను దాటిపోయాక గానీ దానికి అడ్డంకి రావడం లేదు. ప్రతి అయానూ అడ్డే అయితే ఇది కుదరదు.

సంగతేమిటంటే, వరుస తప్పకుండా పేర్చిన అయాన్లు ఎలక్ట్రాన్ తరంగానికి అడ్డే కావు. వరుస చెడిన చోటే అడ్డు. వరుస చెడేది రెండు విధాలుగా. అయాన్లు వేడికి ఊగడం ఒకటి, మలినాలూ లోపాలూ ఇంకొకటి. మొదటిది ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. గది వేడిమి దగ్గర, ఆపైన దాదాపు T కి అనులోమంగా పెరుగుతుంది. రెండోది ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు. నిరోధకతలో ఈ రెండు వాటాలూ కలుస్తాయి. స్వచ్ఛమైన లోహంలో మొదటి వాటాదే పెత్తనం. అందుకే రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. నైక్రోమ్‌లో నికెల్, క్రోమియం అణువులు ముందే కలగాపులగంగా ఉంటాయి, వరుస అనేదే లేదు. దాని నిరోధకత రాగికి 60 రెట్లకు పైగా ఉంటుంది, కానీ వేడికి పెద్దగా మారదు. మీ ఇంట్లో పాత 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఉంటే ప్లగ్ తీసి, థర్మోస్టాట్ తిప్పి ఆన్‌లో పెట్టి, పిన్నుల మధ్య కొలవండి. లెక్క ప్రకారం 53 ఓమ్‌లు రావాలి. మీటరూ దాదాపు అంతే చూపిస్తుంది. బల్బులో వచ్చినంత తేడా అక్కడ ఎందుకు రాదో ఇప్పుడు తెలుస్తుంది.

వేడికి తీగ వ్యాకోచిస్తుంది కదా, ఆ లెక్క వద్దా అని అడగొచ్చు. బల్బు ఫిలమెంట్‌ను చేసే టంగ్‌స్టన్ 2,300 డిగ్రీలు వేడెక్కితే పొడవు సుమారు ఒక శాతం పెరుగుతుంది. మందపు వైశాల్యం రెండు శాతం పెరుగుతుంది. కాబట్టి L/A ఒక శాతం తగ్గుతుంది. నిరోధకత ఏకంగా 13 రెట్లకు పైగా పెరుగుతున్నప్పుడు ఈ ఒక్క శాతం లెక్కలోకి రాదు.

ఇప్పుడు బల్బు. 230 వోల్టులకు 60 వాట్లు అంటే 0.26 ఆంపియర్లు, 882 ఓమ్‌లు. గది వేడిమిలో టంగ్‌స్టన్ నిరోధకత సుమారు 5.6×10⁻⁸ ఓమ్-మీటర్లు. 2,600 కెల్విన్ దగ్గర అది దానికి 13.7 రెట్లు. 882ని 13.7తో భాగిస్తే 64. మీ మీటర్ చూపించింది అదే. మీటర్ పంపే ప్రవాహం చాలా చిన్నది, ఫిలమెంట్‌ను వేడి చేయలేదు, అందుకే చల్లని విలువే కనిపిస్తుంది.

పుస్తకంలోని R = R₀(1 + αΔT) తో ప్రయత్నించి ఉంటే ఇక్కడ తేడా వచ్చేది. టంగ్‌స్టన్‌కు, డిగ్రీకి నిరోధం ఎన్నో వంతు పెరుగుతుందో చెప్పే α = 0.0045, ΔT సుమారు 2,300 అనుకుంటే 11.4 రెట్లు వస్తుంది, 13.7 కాదు. సరళరేఖ సూత్రం కొన్ని వందల డిగ్రీల లోపు బాగా పనిచేస్తుంది. వేల డిగ్రీలకు లాగితే రేఖ వంపు తిరుగుతుంది. పరీక్షలో బల్బు ఉష్ణోగ్రత కనుక్కోమంటే ఈ సూత్రమే వాడండి, కానీ వచ్చిన జవాబు నిజం కంటే ఎక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి. 13.7 రెట్లను అందులో వేస్తే గది వేడిమి కంటే 2,800 డిగ్రీలు ఎక్కువ అని వస్తుంది. ఫిలమెంట్ నిజంగా ఉన్నదానికంటే అది ఐదొందల డిగ్రీలు ఎక్కువ.

α విషయంలో ఇంకో మెలిక ఉంది. అది ఏ ఉష్ణోగ్రతను ఆధారంగా తీసుకుంటారో దాన్ని బట్టి మారుతుంది. రాగికి 20 డిగ్రీల ఆధారంతో 0.00393, సున్నా ఆధారంతో 0.00426. మీరు వాడే α = (R₂−R₁)/(R₁t₂−R₂t₁) సూత్రం ఇచ్చేది సున్నా డిగ్రీల ఆధారంతో ఉన్న విలువ. పట్టికలో ఉన్న 0.00393తో పోల్చి తప్పొచ్చిందని కంగారు పడకండి. మోటార్లతో పనిచేసేవాళ్లు ఈ గొడవే లేకుండా R₂/R₁ = (234.5+t₂)/(234.5+t₁) అని వాడతారు. 30 డిగ్రీల దగ్గర 10 ఓమ్‌లు ఉన్న రాగి వైండింగ్, మోటార్ ఆపిన వెంటనే 12.6 ఓమ్‌లు చూపిస్తే, లోపల సగటు వేడి సుమారు 99 డిగ్రీలన్న మాట. థర్మామీటర్ పెట్టలేని చోట రాగినే థర్మామీటర్‌గా వాడుకోవడం ఇది. ఆలస్యం చేస్తే వైండింగ్ చల్లారిపోయి లెక్క తక్కువ వస్తుంది.

మళ్లీ బల్బుకు వద్దాం. డ్రిఫ్ట్ వేగానికీ, ఆకారానికీ, వేడికీ ముగ్గురికీ ఒకేసారి పని పడేది స్విచ్ వేసిన క్షణంలోనే. ఫిలమెంట్ చల్లగా ఉంది, 64 ఓమ్‌లు. 230 వోల్టులు పడగానే ప్రవాహం 3.6 ఆంపియర్లు. వోల్టేజీ తరంగం శిఖరం దగ్గర స్విచ్ పడితే 5 ఆంపియర్లు. ఆ తర్వాత కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఫిలమెంట్ వేడెక్కి 0.26కు దిగుతుంది. వోల్టేజీ మారలేదు, ఫిలమెంట్ పొడవు మారలేదు, కాబట్టి E మారలేదు. n కూడా మారలేదు. τ పడిపోయింది, దాంతో డ్రిఫ్ట్ వేగం 13.7 రెట్లు తగ్గింది. బల్బు బాగా వెలుగుతున్నప్పుడు అందులో ఎలక్ట్రాన్లు స్విచ్ వేసిన తొలి క్షణంలో కంటే నెమ్మదిగా డ్రిఫ్ట్ అవుతుంటాయి. మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు.

పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే ఎందుకు మాడిపోయేవో కూడా ఇందులోనే ఉంది. నెలల తరబడి వాడాక టంగ్‌స్టన్ ఆవిరై ఫిలమెంట్ ఎక్కడో ఒకచోట సన్నబడుతుంది. ఆ చోట వ్యాసం 10 శాతం తగ్గింది అనుకుందాం. వైశాల్యం 0.81కి పడింది. ఫిలమెంట్ అంతా శ్రేణిలో ఉన్నట్టే, కాబట్టి ప్రవాహం అన్నిచోట్లా ఒకటే. ఇక్కడ I స్థిరం, గుర్తుంది కదా. సన్నబడిన చోట డ్రిఫ్ట్ వేగం 23 శాతం ఎక్కువ, మిల్లీమీటరుకు నిరోధం 23 శాతం ఎక్కువ, పుట్టే వేడి కూడా అంతే ఎక్కువ. ఆ వేడిని తీసుకోవాల్సిన లోహం మాత్రం 19 శాతం తక్కువ. కాబట్టి స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఆ చోటు వేడెక్కే రేటు మిగతా ఫిలమెంట్‌కు ఒకటిన్నర రెట్లు (1/0.81² = 1.52). ముందుగా వేడెక్కింది కాబట్టి అక్కడ నిరోధకత ముందుగా పెరిగింది, అందువల్ల ఇంకా వేడెక్కింది. మిగతా ఫిలమెంట్ ఇంకా చల్లగా ఉండి ప్రవాహాన్ని ఎక్కువగానే ఉంచుతోంది. ఆ కొన్ని మిల్లీసెకన్లలో సన్నని చోటు కరిగిపోతే బల్బు పోయినట్టే.

వెలుగుతున్నప్పుడు కూడా ఆ చోటు మిగతాదాని కంటే వేడిగానే ఉంటుంది. పుట్టే వేడి 23 శాతం ఎక్కువ, దాన్ని బయటికి వెదజల్లే ఉపరితలం 10 శాతం తక్కువ. కలిపితే చదరపు మిల్లీమీటరుకు 37 శాతం అదనపు భారం. వికిరణం T⁴ తో పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత 8 శాతం, అంటే సుమారు 200 డిగ్రీలు పెరిగితే గానీ లెక్క సరిపోదు. నిరోధకత పెరుగుదల కలిపితే ఇంకా ఎక్కువ. సన్నని చోటు మరీ పొట్టిగా ఉంటే పక్కల లోహంలోకి కొంత వేడి జారిపోతుంది, అప్పుడు ఇంత తేడా రాదు. ఎలాగైనా వేడి పెరిగిన చోట టంగ్‌స్టన్ ఆవిరయ్యే రేటు చాలా వేగంగా పెరుగుతుంది, చోటు ఇంకా సన్నబడుతుంది.

మీరే చూడాలంటే ఇంటి కరెంటు జోలికి పోకండి. బండి ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, కొన్ని 1.5 వోల్టుల సెల్స్ తీసుకోండి. ఒక సెల్, తర్వాత రెండు, ఇలా ఎనిమిది దాకా పెంచుతూ బల్బు చివరల మధ్య వోల్టేజీ, అందులో ప్రవాహం రాసుకోండి. మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాలి, చిన్న రేంజిలో పెడితే లోపలి ఫ్యూజు పోతుంది. V ని I తో భాగిస్తూ పోతే నిరోధం మెట్టుమెట్టుకూ పెరుగుతూ పూర్తి వెలుగులో 14 ఓమ్‌ల దగ్గరికి చేరుతుంది. సెల్స్ పాతవైతే వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి సెల్ మీద రాసి ఉన్న అంకె కాకుండా కొలిచిన అంకె వాడండి. చల్లగా ఉన్నప్పుడు ఓమ్ రేంజిలో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ విలువ ఒక ఓమ్ చుట్టుపక్కలే ఉంటుంది, మీటర్ వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. రెండు ప్రోబ్‌లనూ ముందు ఒకదానికొకటి తాకించి వచ్చినదాన్ని తీసేయండి. 64 ఓమ్‌ల బల్బు దగ్గర ఇది పట్టించుకోనక్కర్లేదు, ఇక్కడ పట్టించుకోకపోతే 13 రెట్లు రావాల్సింది 10 రెట్లే వస్తుంది.

గ్రాఫ్ గీస్తే సరళరేఖ రాదు, వోల్టేజీ పెరిగేకొద్దీ వంగుతుంది. ఓమ్ నియమం తప్పిందని రాయకండి. ఆ నియమం ఉష్ణోగ్రత మారనప్పటి మాట. మీ గ్రాఫ్‌లో ఒక్కో బిందువు ఒక్కో ఉష్ణోగ్రత దగ్గరిది.